డ్రిల్లు మాస్టారి ఆయాసం

చూపులేని పిల్లల బడిలో డ్రిల్లు మాస్టారి గొంతు గురించి చెప్పుకోకుండా ఏ సంగతీ మొదలుపెట్టలేం. ఆయన మైదానంలో దగ్గితే వంటగదిలో గరిటె కిందపడేది. ఉదయం పూట పిల్లల్ని పిలవడానికి మైకు కొనాలని ప్రిన్సిపాల్ మేడం ఎప్పుడో అనుకున్నారు గానీ, ఈయన ఉద్యోగంలో చేరిన వారానికే ఆ ఆలోచన మానేశారు. మైకైతే చెడిపోతుంది, ఈయన చెడిపోడు అని ఆవిడ లెక్క.

ఆ గొంతంటే మాస్టారికీ మహా గర్వం. చూపులేని పిల్లలకు ఆట నేర్పేవాడికి గొంతే కదా పెట్టుబడి, దేవుడు తనను ఈ ఉద్యోగం కోసమే పుట్టించాడు అని టీ తాగేటప్పుడల్లా ఎవరో ఒకరికి చెప్పేవారు. ఒప్పుకోవాల్సిందే, సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, గొంతు ఎప్పుడు ఎత్తాలో ఎంత బాగా తెలుసో, ఎప్పుడు దించాలో ఆయనకు అంత బొత్తిగా తెలియదు.

ఆ తమాషా ఇనుపగుండు విసిరేచోట చూడాలి. విసిరేవాడు బడిలో అందరికంటే కండపుష్టి ఉన్న పదో తరగతి వాడు. అందరూ పహిల్వాన్ అంటారు. వాడు వలయంలోకి వచ్చి, ముందున్న చెక్క అంచును కాలివేళ్లతో తడిమి, గుండును మెడకు ఆనించుకుని నిలబడతాడు. ఎటు విసరాలో చెవికి తెలియాలి కాబట్టి మాస్టారు ఎదురుగా, గుండు ఎంత విసిరినా చేరనంత దూరంలో, సరిగ్గా నడిమధ్య నిలబడి చప్పట్లు కొడతారు. "ఇటు! ఇటు! నా చప్పుడు మీదికి!" వాడు ఆ చప్పుడుకు భుజాలు సరిచేసుకుంటాడు. అప్పుడు పిలిచేవాడు నోరు కట్టుకుని పక్కకు తప్పుకోవాలి. ఎక్కడా చీమ చిటుక్కుమనకూడదు. ఆ నిశ్శబ్దంలో వాడు పట్టుకున్న దిక్కును వదలకుండా విసురుతాడు. అదీ పద్ధతి.

మాస్టారు పక్కకైతే తప్పుకునేవారు. ఆయన నోరు తప్పుకునేది కాదు. "ఆఁ, మోచెయ్యి ఎత్తు! వంగకు! నేను పక్కకొచ్చేశాను, భయపడకు, కానీ!" అంటూ గట్టుదాకా నడిచేవారు. ఆ మాటల వెంట పహిల్వాన్ చెవి తిరిగేది, చెవి వెంట మెడ, మెడ వెంట నడుము. గుండు వెళ్లి గట్టు దగ్గర బల్లమీదున్న మాస్టారి ఫ్లాస్కు మీద పడేది. ఈ ఏడాది అలా పోయిన ఫ్లాస్కులు ఒకటీ రెండూ కాదు.

"ఏరా, నీకు నా టీ మీద కక్షేమిట్రా?" అని ఆయన ఉరిమితే పహిల్వాన్ చేతులు కట్టుకుని, "గుండుది తప్పులేదు మాస్టారూ, పాపం మీ మాట వింది" అనేవాడు.

నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఈ మనిషి ఒక మంచిపని చేశాడు. ఆ పని పేరు తూనీగ.

తూనీగ తొమ్మిదో తరగతి పిల్ల. బడిలో చేరిన కొత్తల్లో గోడ వదిలి నడిచేది కాదు. పుట్టినప్పటినుంచీ ఆ పిల్ల ఇంట్లో విన్న మాట ఒక్కటే: "పరిగెత్తకే, పడతావు." అమ్మ అంది, నాన్న అన్నాడు, నాయనమ్మ అంది, చూడ్డానికొచ్చిన ప్రతి చుట్టమూ అన్నాడు. డ్రిల్లు మాస్టారు మొదటిరోజే ఆ పిల్ల భుజంమీద చెయ్యేసి, "పరిగెత్తవే, పడితే లేస్తావు" అన్నారు. ఆ మాట అన్న మొదటి మనిషి ఆయన.

మైదానంలో రెండు ఇనుపస్తంభాల మధ్య నడుమెత్తున తాడు బిగించి ఉంటుంది. తాడుకు ఒక ఉంగరం, ఉంగరానికి పట్టుకోవడానికి గుడ్డ పిడి. పిడి పట్టుకుని పరిగెడితే ఉంగరం తాడు వెంట జారుతుంది, దారి తప్పడమనే మాటే ఉండదు. స్తంభానికి చాలా ఇవతలే తాడుకు లావుపాటి గుడ్డముడి ఉంటుంది. ఉంగరం దానికి తగిలిందంటే పిడి వదిలి వేగం తగ్గించుకోవాలన్నమాట. అంతకీ ఆగకపోతే తగలడానికి స్తంభానికి పాత పరుపు చుట్టారు. తూనీగ ఆ తాడు వెంట మొదట నడిచింది, తర్వాత గబగబా నడిచింది, ఒకరోజు ఉన్నట్టుండి రివ్వున దూసుకుపోయి పరుపుకు గుద్దుకుని పకపకా నవ్వింది. మాస్టారికి కళ్లనీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని అందరినీ కసురుకున్నారు.

తాడు నుంచి జోడీ పరుగుకు వచ్చారు. జానెడు తాడు, రెండు చివర్లా రెండు ముళ్లు. ఒకటి తూనీగ కుడిచేతి వేళ్లకు, ఒకటి మాస్టారి ఎడమచేతి వేళ్లకు. ఆ రెండు చేతులూ కలిసి ముందుకు, కలిసి వెనక్కు ఊగాలి. జోడీ లాగకూడదు, తొయ్యకూడదు. పక్కనే ఉండి దారి చెప్పాలి, అంతే. బడిలో అంత వేగంగా పరిగెత్తగల పెద్దవాళ్లు ఇంకెవరూ లేరు గనక మాస్టారే జోడీ అయ్యారు.

ఇప్పుడు పెద్ద పోటీలు ముంచుకొచ్చాయి. వంద మీటర్ల పరుగులో మొదటి ఇద్దరిని రాష్ట్ర జట్టుకు ఎంపిక చేస్తారు. జట్టుకు వెళ్లిన పిల్లలకు శిక్షణ, వసతి, పై చదువు అన్నీ జట్టువాళ్లే చూసుకుంటారు. వెళ్లకపోతే పదో తరగతి అయ్యాక తూనీగ మళ్లీ ఆ ఇంటికే, ఆ "పడతావు" దగ్గరికే వెళ్లాలి. ఆ సంగతి పిల్లకు తెలుసు, మాస్టారికీ తెలుసు.

మాస్టారికి ఇంకో సంగతి కూడా తెలుసు. గెలిచిన పిల్లకు పతకం వేసినప్పుడు పక్కన పరిగెత్తిన జోడీకి కూడా వేస్తారు. ఆయన చదువుకునే రోజుల్లో ఎన్ని పోటీల్లో పరిగెత్తారో లెక్కలేదు, ప్రతిసారీ నాలుగోవాడు. మూడు మెట్లున్న ఆ బల్లను ఆయన ఎప్పుడూ పక్కనుంచే చూశారు. ఈసారి ఎక్కబోతున్నారు. అందుకని దర్జీ దగ్గర బంగారురంగు గుండీలతో నీలం కోటు కుట్టించుకున్నారు. అద్దం ముందు దాన్ని తొడుక్కుని మెడ వంచి, లేని పతకాన్ని వేయించుకోవడం భార్య తలుపు సందులోంచి చూసింది. ఏమీ అనలేదు. ఆవిడకు ఓపిక ఎక్కువ.

అంతా బాగానే ఉంది, తూనీగ వేగమే పెరగడం మానేసింది.

వానలు తగ్గినప్పటినుంచీ అంతే. ఎంత పరిగెత్తించినా గడియారం ఒకే అంకె దగ్గర మొండికేసి కూర్చుంది. మాస్టారు తిట్టనిది లేదు. బూట్లను తిట్టారు, కొత్తవి తెప్పించారు. జడ గాలిని ఆపుతోందన్నారు, ముడి వేయించారు. హాస్టల్ తిండి తిట్టారు, వంటాయన రెండు రోజులు అలిగాడు. గాలిని తిట్టారు, అది పట్టించుకోలేదు. ఆఖరికి పిల్లనే తిట్టారు. "నీకు పట్టుదల లేదే! నన్ను చూడు, ఈ వయసులో ఎలా పరిగెడుతున్నానో!" తూనీగ తల వంచుకుని, "రేపు బాగా పరిగెడతాను మాస్టారూ" అంది.

ఇంతలో పహిల్వాన్ ఇంకో ఫ్లాస్కు పగలగొట్టాడు. పెంకులు ఏరడానికి వంగిన మాస్టారి నడుము అక్కడే పట్టేసింది. డాక్టరు వారం రోజులు పరిగెత్తకూడదన్నాడు. సాధన ఆపితే పిల్ల కాళ్లు బిగుసుకుపోతాయని, మాస్టారు తాడు చివర కుర్చీ వేయించుకుని, నడుముకు పట్టీ కట్టుకుని, గడియారం చేత్తో పట్టుకుని కూర్చున్నారు. "చిన్నపిల్లలా ఈ వారం తాడు మీదే పరిగెత్తు. ఒక చెయ్యి పిడి పట్టుకుని ఉంటుంది కదా, సరిగా ఊగదు. వేగం తగ్గుతుంది. దిగులు పడకు" అని ముందే ఓదార్చారు. ఈల ఊదారు.

తూనీగ వచ్చింది. ఎలా వచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. ఉంగరం తాడుమీద ఈలవేసుకుంటూ వచ్చి ముడికి తగిలి ఆగింది. మాస్టారు గడియారం చూశారు, విదిలించి మళ్లీ చూశారు. అదే దూరానికి తనతో పరిగెత్తినప్పటికంటే ఎంతో ముందొచ్చింది.

గడియారం పాడైందన్నారు. బ్యాటరీ మార్చారు. మళ్లీ అంతే. నేల పల్లంగా ఉందన్నారు, ఎదురువైపు నుంచి పరిగెత్తించారు. మళ్లీ అంతే. తాడు బిగువు ఎక్కువై పిల్లను లాగేస్తోందని ఒక సిద్ధాంతం చేశారు. తాడు మనిషిని లాగడం ఏమిటని ఆఫీసు గుమస్తా అడిగితే, "ఆటల సంగతి నీకేం తెలుసయ్యా" అని నోరు మూయించారు. నడుము నెమ్మదించగానే తాడు పక్కనే, అంత దూరమే, పిల్లతో జోడీగా పరిగెత్తి చూశారు. గడియారం మళ్లీ పాత అంకె చూపించింది.

గట్టుమీద కూర్చున్న పహిల్వాన్ ఆలోచించి ఆలోచించి అన్నాడు, "మాస్టారూ, తాడుకు ఆయాసం రాదు కదండీ."

మాస్టారికి నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. పహిల్వాన్‌ను నీళ్ల వంకతో పంపేసి తూనీగను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"నిజం చెప్పవే. నాతో పరిగెత్తేటప్పుడు ఏమవుతోంది?"

పిల్ల చాలాసేపు బూటు తాడు ముడి విప్పింది, కట్టింది. "మీ ఊపిరి వింటూ పరిగెడతాను మాస్టారూ. సగం దాటాక అది మారిపోతుంది. కొలిమి తిత్తిలా కొట్టుకుంటుంది, మధ్యమధ్య ఈలలా వస్తుంది. అప్పుడు నేను కొంచెం..."

"కొంచెం?"

"తగ్గుతాను. మీరు పడతారేమోనని."

"నేనా! పడతానా!" మైదానం అదిరింది. చెట్టుమీద కాకులు లేచాయి. "నేను పడతానంటావా! ఎప్పటినుంచి చేస్తున్నావే ఈ పని?"

"వానలు తగ్గినప్పటినుంచి."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు కోటు కుట్టించుకున్నారట కదా" అంది తూనీగ.

గొంతు ఉన్నా మాట లేకపోవడం ఆయనకు అదే మొదటిసారి. ఊరంతా పడతావు పడతావు అన్న పిల్ల, పడితే లేస్తావని నమ్మించినవాడు పడిపోతాడని భయపడి తన కాళ్లకు తనే కళ్లెం వేసుకుంది. అది తలుచుకుంటే ఆయనకు సిగ్గేసింది, కోపమొచ్చింది. కోపమే ముందు వచ్చిందని చెప్పక తప్పదు.

ఆ కోపంతోనే ఇంటికెళ్లి చెప్పు ఒకటి అటు, ఒకటి ఇటు విసిరారు. భార్యకు చెప్పారు. చెప్పినంతసేపూ తప్పు ఊపిరితిత్తులదే తప్ప తనది కాదన్నట్టు చెప్పారు.

"అయితే ఇప్పుడేం చేస్తారు?" అంది ఆవిడ.

"ఏం చేస్తాను! ఆ పిల్లకంటే వేగంగా పరిగెత్తేవాడు కావాలి. పోటీలు నెత్తిమీదున్నాయి. ఎక్కడినుంచి తేను?"

ఆవిడ ముందు గదివైపు చూసింది. అక్కడ చాపమీద ఆవిడ తమ్ముడు పడుకుని ఉన్నాడు. ఉద్యోగం ఏదిచ్చినా నెల తిరక్కుండా వదిలేసే ఘనుడు. పొద్దున్నే లేచి ఊరంతా పరిగెత్తడం, వచ్చి స్నానం చేసి తినడం, నిద్రపోవడం. ఇదీ వాడి దినచర్య. నోట్లోంచి మాట రావాలంటే వాడికి బద్ధకం.

"వాడా!" అన్నారు మాస్టారు.

"ఇన్నేళ్లూ మీరే అన్నారుగా, మా తమ్ముడికి పరిగెత్తడం తప్ప ఇంకే పనీ చేతకాదని. ఇప్పుడు ఆ పనే పడింది. ఏమంటారు?"

ఏమంటారు! అన్నం కలుపుకున్నారు, తినలేదు. కోటు ఉన్న బీరువావైపు ఒకటికి రెండుసార్లు చూశారు. పడుకున్నాక అటు దొర్లారు, ఇటు దొర్లారు. తెల్లారగానే వెళ్లి బామ్మర్ది చాప కాలితో తట్టారు. "లేవరా. బడికి రా. నాతో కాదు, నాకు బదులు."

బామ్మర్ది ఒక కన్ను తెరిచి, "సరే బావా" అన్నాడు. ఆ రోజుకు వాడి కోటా అయిపోయింది.

మొదటిరోజు రభస వర్ణించి లాభం లేదు. ఒంటరిగా పరిగెత్తడానికి అలవాటుపడ్డ మనిషి, చేతికి ఒక పిల్ల ఉందన్న సంగతే మరిచి దూసుకుపోయాడు. తాడు బిగిసి తూనీగ తూలింది. "ఒరేయ్, అది పిల్లరా, బండి కాదు, లాక్కుపోడానికి!" అని మాస్టారు ఎగిరారు. మొదట నడిపించారు. రెండు చేతులూ ఒకే ఊపుకు వచ్చేదాకా నడిపించారు. ఆపై మెల్లగా పరుగు, ఆపై అసలు పరుగు. "ఇంకోటి విను. చివరి గీత పిల్లే ముందు దాటాలి. నీ ఛాతీ వెంట్రుకవాసి ముందుపడినా పరుగు చెల్లదు, పేరు కొట్టేస్తారు. గీత దగ్గర వెనక ఉండటం నేర్చుకో."

ఆ మాట చెప్పి ఆయన గటగటా నీళ్లు తాగారు.

రెండో చిక్కు ఇంకా పెద్దది. బామ్మర్ది మాట్లాడడు. సగం దూరం పోయాక తూనీగ ఆగిపోయి, "అన్నా, ఉన్నారా?" అని అడిగింది. చేతికి తాడు ఉన్నా చెవికి మనిషి లేడు. "ఉన్నా" అన్నాడు వాడు. మాస్టారు నెత్తి కొట్టుకున్నారు. తనకు మాటలు ఎక్కువ, వీడికి కరువు. ఇద్దరినీ కలిపి పంచితే సరిపోయేది, దేవుడికి ఆ తెలివి లేకపోయింది. కూర్చోబెట్టి వాడికి మాటలు నేర్పారు, చిన్నపిల్లాడికి నేర్పినట్టు. తిన్నగా ఉంటే "బాగుంది" అనాలి. పక్క గీతవైపు ఒరిగితే "కుడి" అనో "ఎడమ" అనో అనాలి, ఇంకేమీ అనకూడదు. చివరి గీత దగ్గర పడితే "వచ్చేశాం", గీతమీద "వంగు". ఆ కాసిని మాటలూ బామ్మర్ది సణుగుతూనే కంఠస్థం చేశాడు. కొన్నాళ్లకు గడియారం కదిలింది. తాడుమీద వచ్చిన అంకెకంటే కూడా కిందికి దిగింది. మాస్టారు గంతులేశారు, నడుము మళ్లీ పట్టింది.

పోటీ రోజు బయల్దేరేముందు ఆయన బీరువాలోంచి కోటు తీసి బామ్మర్దికి తొడిగారు. పొట్ట దగ్గర ఇంకో మనిషి పట్టేంత వదులు. "పతకం వేసేటప్పుడు నిటారుగా నిలబడు, నా పరువు తియ్యకు" అన్నారు. భార్య కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంది.

స్టేడియంలో పరిగెత్తే పిల్లలందరి కళ్లకూ నల్లగంతలు కట్టారు. కొందరికి వెలుతురు లీలగా తెలుస్తుంది, కొందరికి బొత్తిగా తెలియదు, అందరూ సమానం కావాలిగా. ఒక్కో జోడీకి పక్కపక్కనే రెండేసి పరుగుబాటలు. మైకులో పెద్దాయన చెప్పాడు: "పరుగు అయ్యేదాకా ఎవరూ చప్పుడు చేయకూడదు. పిల్లలు జోడీ మాట వినాలి." చెప్పి, ఎందుకో డ్రిల్లు మాస్టారివైపే చూశాడు. కీర్తి అక్కడిదాకా పాకింది మరి.

మాస్టారు మెడలోంచి ఈల తీసి భార్య చేతిలో పెట్టారు. పహిల్వాన్ పక్కనే నిలబడి, "మాస్టారూ, పోనీ నేను మీ నోరు మూయనా? నా చెయ్యి పెద్దది" అన్నాడు. వద్దన్నట్టు వాడి చెయ్యి నొక్కి, ఆయన ఒక్కరే వెళ్లి చివరి గీతకు అవతల, కంచె పట్టుకుని నిలబడ్డారు.

తుపాకీ పేలింది. తర్వాత అడుగుల చప్పుడు, జోడీల పొడి మాటలు, అంతే. తూనీగ ఆలస్యంగా లేచింది, మూడోదిగా ఉంది. మాస్టారి నోటిదాకా మాట వచ్చింది, పళ్లు బిగించారు. పిల్ల ఎడమ గీతవైపు ఒరిగింది. "కుడి" అన్నాడు బామ్మర్ది. సర్దుకుంది. "బాగుంది." తూనీగ నాలుగో పిల్లకు దూరమై, రెండో పిల్ల భుజం దగ్గరికి వచ్చింది. "అమ్మా, తల్లీ, ఇంకొంచెమే" అని మాస్టారి లోపల ఒక మైకు అరుస్తోంది. బయటికి రానివ్వలేదు. ఆయన కంచె పట్టుకున్న తీరు చూస్తే కంచె విరుగుతుందనిపించింది. "వచ్చేశాం." బామ్మర్ది ఛాతీ అలవాటుగా ముందుకు ఉబికింది. భుజం వెనక్కు లాక్కున్నాడు. "వంగు!" తూనీగ వంగింది. వాడు ఆమె వెనకాల గీత దాటాడు.

రెండో స్థానం. జట్టులో చోటు.

అప్పుడు స్టేడియం గొల్లుమంది. అందరూ అరుస్తున్నారు, పహిల్వాన్ ఎవర్నో ఎత్తి తిప్పుతున్నాడు. ఇప్పుడు అరవచ్చు. ఎవరూ వద్దనరు. కానీ డ్రిల్లు మాస్టారికి గొంతు పెగల్లేదు. కంచె పట్టుకుని రొప్పుతూ నిలబడ్డారు.

తూనీగ గంత తీసేసి వేగం తగ్గించుకుంటూ నడుస్తోంది. కంచె దగ్గరికి వచ్చి ఉన్నట్టుండి ఆగింది, చెవి ఇటు తిప్పింది. జానెడు తాడు వేళ్లలోంచి తీసి బామ్మర్ది చేతిలో పెట్టి, ఆ ఊపిరి వెంట తిన్నగా నడిచి వచ్చి మాస్టారి మోచెయ్యి పట్టుకుంది.

"మాస్టారూ, పరిగెత్తింది మేం కదా," అంది. "మీకెందుకు ఇంత ఆయాసం? కూర్చోండి, పడతారు."

డ్రిల్లు మాస్టారు బుద్ధిగా నేలమీద కూర్చున్నారు.